వంద తగ్గుతుందన్నారు, తగ్గలేదే!: యాప్ ప్రచార విభాగాల పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను విజయవాడలో ఉంటాను. చాలా ఏళ్లుగా మీలాంటి సంస్థలకు తెలుగులో ప్రకటనలు రాసిపెడుతున్నాను. కింద పేరు పడని పని ఇది. మీ యాప్ బొమ్మ కింద రెండు మూడు వరుసలు ఉంటాయే, "యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, మొదటి ఆర్డర్‌కు వంద తగ్గింపు, లింకు ఇదిగో" అని, అవి రాసేది నాలాంటివాళ్లం. ఆ రెండు మూడు వరుసల గురించే ఈ ఉత్తరం. ఒక్కరికి రాస్తే పక్కన పడేస్తారు, అందుకే నలుగురిలో పెడుతున్నాను.

పోయిన వేసవిలో ఒక రోజు తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది.

"ఏమే, నువ్వు రాసిన యాప్‌లో వంద తగ్గిస్తామన్నారుగా, తగ్గలేదే?"

అది ఒక పచ్చళ్ల దుకాణం వారి యాప్. దుకాణం పేరు ఇక్కడ అనవసరం. వారికి కాప్షన్ రాసింది నేనే. పిన్ని నన్నే నమ్మి మనవరాలి చేత యాప్ ఎక్కించుకుంది. అరకిలో గోంగూర 220 రూపాయలు, పావుకిలో కందిపొడి 160. మొత్తం 380 అయింది. కూపన్ కొట్టింది. ఎర్రక్షరాల్లో Minimum order value not met అని వచ్చింది. పిన్నికి ఇంగ్లీషు రాదు. మనవరాలు చదివి, "499 కావాలంట నానమ్మా" అంది. సరే, వంద వస్తుంది కదా అని పావుకిలో సున్నుండలు వేసింది, 120. ఇప్పుడు 500. వంద తగ్గింది, 400 అయింది. చివరి తెరకు వెళ్లేసరికి డెలివరీ 49, ప్యాకింగ్ 15 వచ్చి చేరాయి. కట్టాల్సింది 464.

కూపన్ ఊసే లేకుండా మొదట వేసుకున్న రెండూ కొనుక్కుని ఉంటే 380కి ఆ 64 కలిపి 444 అయ్యేది. వంద తగ్గిందన్న మాట నిజమే. పిన్ని చేతి నుంచి మాత్రం ఇరవై ఎక్కువ పోయింది. బదులుగా సున్నుండలు వచ్చాయి. "నాకు షుగరుందని తెలుసు కదే, ఇవెవరు తింటారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నేను రాసిన కాప్షన్ తీసి చూసుకున్నాను. "ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి! మొదటి ఆర్డర్‌పై ₹100 తగ్గింపు పొందండి!*" చివర్న ఒక చుక్క గుర్తు. ఆ చుక్కకు అర్థం బొమ్మ అడుగున, గోరంత అక్షరాల్లో, "షరతులు వర్తిస్తాయి". ఆ షరతులేమిటో వారి వెబ్‌సైట్‌లో, ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు ఆ దుకాణం వారు పంపిన సమాచారమంతా ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యం. దాన్ని తెలుగు చేసి ఇచ్చాను, డబ్బు తీసుకున్నాను. 499 సంగతి వారు చెప్పలేదు, నేనూ అడగలేదు. తప్పు చెరి సగం.

ఆ రోజు నుంచి నేను ఒక అలవాటు చేసుకున్నాను. కాప్షన్‌ను పైనుంచి కిందికి రాయడం మానేశాను. ముందు బిల్లు చూస్తాను. ఎప్పుడూ ఆ యాప్ వాడని ఒక నంబరు తీసుకుని, మామూలు మనిషి కొనే సరుకు బుట్టలో వేసి, కూపన్ కొట్టి, డబ్బు కట్టే తెర దాకా వెళ్తాను. అక్కడ కనబడ్డ అంకె నుంచి వెనక్కి నడుస్తూ కాప్షన్ రాస్తాను. మీ విభాగంలో కాప్షన్‌కు ఆమోదముద్ర వేసే పెద్ద మనిషి ఎవరో గానీ, వారు ఒక్కసారి ఈ పని చేసి ఉంటే మా పిన్ని ఇంట్లో సున్నుండలు మిగిలేవి కావు.

ముందు కూపన్ గురించి చెబుతాను, చిక్కంతా అక్కడే ఉంది కనుక.

మీరు ఇచ్చే కూపన్లలో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. ఒకటి నికరంగా వంద. రెండోది "50 శాతం, గరిష్ఠంగా వంద". రెండోదాన్ని మీరు చాలా ఇష్టపడతారు, ఎందుకంటే 50 అన్న అంకె బొమ్మ మీద పెద్దగా కనబడుతుంది. కానీ లెక్క వేసి చూడండి. 150 రూపాయల సరుకు కొంటే 75 తగ్గుతుంది, మాట నిలబడింది. 200 కొంటే వంద, అక్కడికి సరి. ఆ తర్వాత ఎంత కొన్నా వందే. మా పిన్ని 380 బిల్లుకు అది సుమారు 26 శాతం. అంటే "సగం ధర" అన్న మాట 200 రూపాయల లోపు కొనేవారికే నిజం. పచ్చళ్ల దుకాణంలో 200 లోపు కొనేవారెవరు? పావుకిలో డబ్బా ఒకటి కొనేవారు. వారికి డెలివరీ ఖర్చే బరువవుతుంది. మీ ఖాతాదారుల మామూలు బిల్లు 380 అయితే, వారికి చెప్పాల్సిన అంకె వంద. 50 కాదు.

తెలుగులో ఇంకో చిక్కుంది. "₹100 వరకు" అన్నప్పుడు మన భాషలో "వరకు" అంకె తర్వాత వస్తుంది. కన్ను ముందు వందను పట్టుకుంటుంది. డిజైన్ చేసే కుర్రాడు వందను పిడికిలంత చేసి, "వరకు"ను ఆవగింజంత చేస్తాడు. భాష ఇచ్చిన వెసులుబాటును బొమ్మ దుర్వినియోగం చేస్తుంది. "వరకు" రాయక తప్పనప్పుడు అంకెకు ఏ సైజో దానికీ అదే సైజు పెట్టమని నేనిప్పుడు విడిగా రాసి పంపుతున్నాను.

"పైన" అన్న మాటతో ఇంకో తంటా. "₹499 పైన కొంటే" అని రాస్తారు. సరిగ్గా 499 అయినవారి సంగతేమిటి? ఇంగ్లీషులో మీ షరతు 499కీ వర్తిస్తుందని ఉంటుంది. తెలుగులో "పైన" అంటే 499 దాటాలనే చదువుతారు ఎవరైనా. మరి కొందరికి "ఆర్డర్‌పై", "499పై" రెండూ ఒకే వాక్యంలో పడి ఏది దేని మీదో తెలియదు. నేనిప్పుడు "సరుకు ఖరీదు కనీసం ₹499 ఉండాలి" అని రాస్తున్నాను. "సరుకు ఖరీదు" అన్నది ఎందుకంటే డెలివరీ, ప్యాకింగ్ కలుపుకొని 499 అయిందని కూపన్ కొట్టేవాళ్లుంటారు. వారి తప్పేమీ లేదు. తెర మీద ఒకే మొత్తం కనబడుతుంటే వారు ఆ మొత్తమే చూస్తారు.

ఆ 499 అసలెందుకు అని దుకాణం యజమానిని అడిగాను. "అంతకన్నా తక్కువైతే గిట్టదమ్మా" అన్నారు. కాదనను. వంద తగ్గించి, పార్సిల్ కట్టి, మనిషిని పంపి, 380 సరుకు మీద ఆయనకు ఏమీ మిగలదు. షరతు పెట్టడం ఆయన హక్కు. నేను అడిగింది ఒకటే: వంద ఏ వాక్యంలో ఉంటే 499 కూడా అదే వాక్యంలో, అదే భాషలో ఉండాలని. ఆయన ఒక పూట ఆలోచించారు. "అది చదివితే యాప్ ఎవరు వేసుకుంటారు?" అన్నారు. 499 కొనని మనిషి యాప్ వేసుకుంటే ఆయనకు ఏమొస్తుంది? కూపన్ పనిచేయలేదని ఫోన్ వస్తుంది. ఆ మర్నాడు యాప్ తీసేస్తారు. స్టోర్‌లో ఒక్క చుక్క ఇచ్చి "మోసం" అని రాసిపోతారు.

మీకు చట్టం కూడా గుర్తు చేయాలి, పొడవు చేయను. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో తప్పుదారి పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రకటనలో మాట ఏ భాషలో ఉంటే దాని వివరణ కూడా ఆ భాషలోనే, ఆ అక్షరాల్లోనే ఉండాలని అందులో ఉంది. తెలుగులో వంద, ఇంగ్లీషులో 499 అన్నది దానికి నేరుగా విరుద్ధం. 2023 నవంబరులో అదే సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, ధరను ముక్కలు ముక్కలుగా చివరికి బయటపెట్టడం కూడా ఉంది. ఆ 49, ఆ 15 చివరి తెర మీదే మొదటిసారి కనబడితే అది ఈ లెక్కలోకి వస్తుంది. 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారన్న సంగతి మా పిన్నికి నేనే చెప్పాను. ఆవిడ చేయలేదు. నన్ను తిట్టడంతో సరిపెట్టుకుంది.

ఇక "మొదటి ఆర్డర్" అన్న మాట. ఎవరికి మొదటిది? మీ కంప్యూటరుకు మనిషి తెలియడు. దానికి తెలిసింది ఫోన్ నంబరు. కొన్ని యాప్‌లు పరికరాన్ని కూడా గుర్తుపడతాయి, మరికొన్ని డెలివరీ చిరునామానూ చూస్తాయి. మన ఇళ్లలో ఒక ఫోన్‌ను నలుగురు వాడతారు. కొడుకు హైదరాబాదు నుంచి అమ్మ నంబరు పెట్టి అమ్మకే పచ్చడి పంపి ఉంటాడు. అమ్మ దృష్టిలో అది వాడి ఆర్డరు. మీ లెక్కలో అది ఆవిడ మొదటి ఆర్డరు. ఇప్పుడు ఆవిడ తన చేత్తో మొదటిసారి కొంటే "మీరు అర్హులు కారు" అని వస్తుంది. కొత్తవాళ్లకే ఇస్తామనడంలో తప్పులేదు, కానీ కొత్త అని దేన్ని చూసి తేలుస్తారో చెప్పండి. "ఇంతకుముందు ఈ నంబరుతో మా దగ్గర కొననివారికి" అంటే సరిపోతుంది. ఆరే మాటలు.

దీనికి తోకగా ఒక ప్రశ్న మీ సాంకేతిక విభాగాన్ని అడగండి. కూపన్ కొట్టి, డబ్బు కట్టబోతే బ్యాంకు దగ్గర ఆగిపోయింది. లేదా సరుకు లేదని మీరే ఆర్డరు రద్దు చేశారు. అప్పుడు ఆ కూపన్ బతికే ఉంటుందా, ఖర్చయిపోయినట్టేనా? నేను అడిగిన చోట మొదట ఎవరికీ తెలియదు. పరీక్షించి చూస్తే ఖర్చయిపోయింది. డబ్బు తిరిగొచ్చింది, కూపన్ రాలేదు. ఇది కాప్షన్‌తో సర్దుకునే సంగతి కాదు, యాప్‌లో సరిదిద్దాలి. సరిదిద్దేదాకా ప్రచారం ఆపాలి.

గడువు కూడా అంతే. "31 వరకు" అంటే 31 కలిపా, విడిచా? "31 రాత్రి 12 గంటల వరకు" అంటే మరీ గందరగోళం. 31వ తేదీ మొదలయ్యే 12 గంటలా, ముగిసే 12 గంటలా? వారం పేరు కలిపి, రాత్రి 11:59 అని రాస్తే ఎవరికీ అనుమానం ఉండదు. "ఈరోజే చివరి అవకాశం" అని రోజూ పెట్టే పోస్టులు నేను రాయనని చెప్పేశాను. రెండు సంస్థలు నన్ను మానేశాయి.

కూపన్ పదం ఎంచుకోవడంలో మన భాషకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, ఇది మీ ముంబయి, బెంగళూరు కార్యాలయాల్లో ఎవరికీ తట్టదు. ఆ దుకాణం వారి మొదటి కూపన్ AVAKAYA100. చూడటానికి ముచ్చటగా ఉంది. కానీ ఆవకాయను ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే పది ఇళ్లలో పది రకాలుగా రాస్తారు. AAVAKAYA, AVAKAAYA, AVAKAI. పచ్చడి అయితే PACHADI, PACHCHADI, PACCHADI. కూపన్‌లు చూసి కొట్టేవారికన్నా విని కొట్టేవారు మన దగ్గర ఎక్కువ. పక్కింటావిడ చెబుతుంది, అక్క ఫోన్‌లో చెబుతుంది. విన్న మాటకు స్పెల్లింగ్ ఉండదు. పైగా చివర్న రెండు సున్నాలు. KOTTA100 అని ఇంకొకరు పెట్టారు, అందులో O అక్షరం, సున్నా రెండూ ఉన్నాయి. ఏది ఏదో ఫోన్‌లో చెప్పి చూడండి.

అందుకని నేను ఊరిపేర్లకు వచ్చాను. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది కనుక ఊరి స్పెల్లింగ్ అందరికీ ఒకటే. TENALI. అంకెలు లేవు, సున్నా లేదు. ఎంత తగ్గుతుందో కూపన్ పేరులో చెప్పనక్కర్లేదు, పక్కనే రాశాం కదా.

ఇంకో చిన్న సంగతి, చిన్నదే కానీ రోజూ జరిగేది. వాట్సాప్ నుంచి కూపన్ కాపీ చేసేటప్పుడు వెనకాల ఒక ఖాళీ గానీ, వాక్యం చివరి చుక్క గానీ అంటుకుని వస్తుంది. యాప్‌లో అతికిస్తే "చెల్లని కూపన్" అంటుంది. ఖాళీ కంటికి కనబడదు, మనిషికి తన తప్పేమిటో తెలియదు. కాప్షన్‌లో కూపన్‌ను ఒంటరిగా ఒక వరుసలో పెట్టండి, పక్కన కామా కూడా ఉండకూడదు. యాప్‌లో ముందు వెనక ఖాళీలను వదిలేసేలా, చిన్నక్షరాలు కొట్టినా ఒప్పుకునేలా చేయమని డెవలపర్‌కు చెప్పండి. వారికి అది పెద్ద పనేమీ కాదు.

ఇప్పుడు ప్రయోజనం సంగతి. యాప్ వేసుకుంటే నాకేమిటి అన్న ప్రశ్నకు జవాబు. కొత్త కాప్షన్ కోసం ఆ దుకాణం వారు నాకు తొమ్మిది పంపారు. ఇంటి రుచి, కల్తీ లేదు, డెబ్బై రకాలు, క్యాష్ ఆన్ డెలివరీ, ఆర్డరు ఎక్కడుందో చూసుకోవచ్చు, పాయింట్లు, ఇంకా ఏవో. కాప్షన్‌లో ఒక్కటే పడుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి 125 అక్షరాల దగ్గర తెగి, మిగతాది "more" వెనక్కి పోతుంది. అదీ తెలుగులో మీరనుకున్నంత కాదు. మనకు ఒక అక్షరంగా కనబడేదాన్ని ఫోన్ చాలా ముక్కలుగా లెక్కపెడుతుంది. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, ఫోన్‌కు ఆరు. ఎస్ఎమ్మెస్ అయితే మరీ ఇరుకు. ఇంగ్లీషు సందేశానికి 160 అక్షరాలు దొరికితే, తెలుగుకు 70. దాటితే రెండు సందేశాల డబ్బు. ఇంగ్లీషు సందేశంలో ₹ గుర్తు ఒక్కటి పెట్టినా అదీ 70కి పడిపోతుందని చాలామందికి తెలియదు, ఆ పాత ఎస్ఎమ్మెస్ అక్షరాల పట్టికలో మన రూపాయి లేదు. Rs అని రాసుకోవడం మేలు.

తొమ్మిదిలో ఒకటి ఎలా ఎంచాలి? నేను ఒక్కటే అడుగుతాను: దుకాణానికి ఫోన్ చేస్తే దొరకనిది, యాప్‌లోనే దొరికేది ఏది? ఇంటి రుచి ఫోన్ చేసినా వస్తుంది. కల్తీ లేకపోవడం డబ్బాలో ఉంటుంది, యాప్‌లో కాదు. తీసేస్తూ పోతే చివరికి వారి జాబితాలో లేనిది ఒకటి బయటపడింది. యాప్‌లో ప్రతి పచ్చడి కింద, ఏ రోజు కలిపారో తేదీ కనబడుతోంది. యజమాని దాన్ని గొప్పగా అనుకోలేదు, లోపల సరుకు లెక్కల కోసం పెట్టిన గడి అట. కొనేవారికి అది బంగారం. గోంగూర, టమాటా కొనేవారికి కొత్తది కావాలి. ఆవకాయ కొనేవారిలో సగం మంది బాగా ఊరిందే కావాలంటారు. ఇద్దరికీ ఆ తేదీయే పనికొస్తుంది.

రాసే ముందు యాప్ తెరిచి ఒక్కో సరుకూ చూశాను. పచ్చళ్లన్నిటికీ తేదీ ఉంది. పొడులకు లేదు, మిఠాయిలకు లేదు. అందుకని "ప్రతి వస్తువుకూ" అని రాయలేదు, "పచ్చడి" అని రాశాను. ఆ ఒక్క మాట తేడా కోసం గంటన్నర పట్టింది, ఆ గంటన్నరకు మీలో ఎవరూ డబ్బివ్వరు.

భాష గురించి ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను. "పొందండి", "అన్వేషించండి", "ఆనందించండి" అని మీరు పంపే తెలుగు ఏ వీధిలోనూ వినబడదు. జనం యాప్ "వేసుకుంటారు", "ఎక్కించుకుంటారు", "డౌన్‌లోడ్ చేసుకుంటారు". వంద "తగ్గుతుంది". ఎవరూ తగ్గింపును పొందరు.

చివరికి లింకు. ఇక్కడ మాత్రం ఆశయం ఎంత మంచిదైనా ఒక్క గుర్తు తప్పితే అంతా పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ కాప్షన్‌లో లింకు పెడితే అది వట్టి అక్షరాలే, నొక్కితే తెరుచుకోదు. అయినా రోజూ పెడుతున్నారు. అక్కడ లింకు ప్రొఫైల్‌లో ఉండాలి, లేదా స్టోరీలో స్టిక్కర్‌గా ఉండాలి, కాప్షన్‌లో "లింకు మా ప్రొఫైల్‌లో ఉంది" అని ఉండాలి. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్‌లో నొక్కితే తెరుచుకుంటుంది. అంటే ఒకే కాప్షన్ అన్నిచోట్లా అతికించడం కుదరదు.

ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో తెలియాలంటే ప్లే స్టోర్ లింకుకు ఒక తోక తగిలించాలి. ఇలా:

```
https://play.google.com/store/apps/details?id=com.example.pachadi&referrer=utm_source%3Dwhatsapp%26utm_campaign%3Dtenali
```

ఇందులో id తర్వాత ఉన్నది యాప్ అసలు పేరు, ఇక్కడ ఉదాహరణకు పెట్టాను. referrer తర్వాత ఉన్నది మీ గుర్తు. ఆ %3D, %26 చూసి చిందరవందరగా ఉందని కొందరు వాటిని మామూలు = గుర్తుగా, & గుర్తుగా మార్చేస్తారు. మార్చారంటే & దగ్గర తోక తెగిపోతుంది. వాట్సాప్ నుంచి వచ్చారని తెలుస్తుంది, ఏ ప్రచారం చూసి వచ్చారో తెలియదు. దుకాణం వారి లెక్కల్లో ప్రచారం పేరు ఉండాల్సిన చోట ఖాళీ కనబడితే, ఎవరో లింకును "శుభ్రం" చేశారని పోల్చుకున్నాను. ఈ లింకు ఐఫోన్‌లో నొక్కితే ప్లే స్టోర్ వెబ్ పేజీ వస్తుంది, అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. వారికి ఆపిల్ స్టోర్ లింకు విడిగా ఇవ్వాలి.

లింకు పొడుగ్గా ఉందని పొట్టి లింకులు పెట్టే అలవాటు కూడా ఆలోచించుకోవాలి. పెళ్లి శుభలేఖ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాల గురించి పోలీసులు పదే పదే హెచ్చరిస్తున్నారు. తెలియని లింకు నొక్కొద్దని పిల్లలు పెద్దవాళ్లకు చెబుతున్నారు. అలాంటప్పుడు ఎక్కడికి పోతుందో తెలియని నాలుగక్షరాల లింకు కన్నా play.google.com అని ముందే కనబడే లింకు నయం. స్టోర్‌లో యాప్ పేరు ఎలా ఉందో కాప్షన్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. లింకు నొక్కడానికి భయపడేవారు ఆ పేరు కొట్టి వెతుక్కుంటారు. ఎస్ఎమ్మెస్ పంపేవారికి పొట్టి లింకైనా పొడుగు లింకైనా ముందే నమోదు చేయక తప్పదు. 2024 అక్టోబరు 1 నుంచి ట్రాయ్ నియమం ప్రకారం నమోదు కాని లింకున్న సందేశాన్ని టెలికాం సంస్థలు ఆపేస్తాయి.

పొట్టి లింకులు చచ్చిపోతాయి కూడా. గూగుల్ వారి ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ అనే సేవ 2025 ఆగస్టు 25న ఆగిపోయింది. అప్పటిదాకా page.link అని ఉండే ఆ లింకులను చాలామంది వాడారు. ఈ దుకాణం వారు పచ్చడి డబ్బాల మీద అచ్చేయించిన క్యూఆర్ కోడ్ కూడా అదే. డబ్బా ఇంట్లో ఏడాది ఉంటుంది. కొన్న మనిషి ఆవకాయ అయిపోయాక మళ్లీ కొందామని స్కాన్ చేస్తే ఏమీ తెరుచుకోదు. మీ గోదాములో అచ్చయి ఉన్న డబ్బాలు, కరపత్రాలు ఏ లింకుకు పోతున్నాయో ఒకసారి స్కాన్ చేసి చూసుకోండి, ఈ ఉత్తరం పక్కన పెట్టకముందే.

ఇవన్నీ సరిచూసుకున్నాక వాట్సాప్ కోసం నేను రాసి ఇచ్చింది ఇది:

"పచ్చడి ఏ రోజు కలిపామో, కొనే ముందే మీ ఫోన్‌లో చూసుకోండి.

మా యాప్‌లో మొదటి ఆర్డర్‌కు ₹100 తగ్గుతుంది, సరుకు ఖరీదు కనీసం ₹499 ఉండాలి. డెలివరీ, ప్యాకింగ్ కలిపి ₹64 విడిగా.

కూపన్:

TENALI

ఇంతకుముందు ఈ నంబరుతో మా దగ్గర కొననివారికి. 31, ఆదివారం రాత్రి 11:59 దాకా."

దాని కింద ఆండ్రాయిడ్ లింకు ఒక వరుసలో, ఐఫోన్ లింకు ఇంకో వరుసలో. అంతే. యజమాని చదివి, "64 కూడా చెప్పాలా?" అన్నారు. ఆ అంకె దాచితే ఎవరు ఫోన్ చేస్తారో ఆయనకు చెప్పాను. ఊరుకున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌కు మొదటి వాక్యం, వంద ఉన్న వాక్యం పైకి వచ్చేలా వేరే రాశాను, లింకు ప్రొఫైల్‌లో పెట్టించాను.

యాప్ వేసుకున్నవారి సంఖ్య మునుపటి ప్రచారం కన్నా తగ్గింది. అది దాచను. కూపన్ పనిచేయలేదని వచ్చే ఫోన్లు కూడా తగ్గాయి, వచ్చినవాటిలో ఎక్కువ ఐఫోన్ వారివి. యజమాని ఇప్పటికీ మొదటి అంకె గురించే బాధపడుతుంటారు.

కనుక మీకు నా విన్నపం. ఇక మీదట నాకు గానీ, నాలా రాసేవారికి గానీ ఒక్క ఇంగ్లీషు వాక్యం పంపకండి. కొత్త నంబరుతో మీరే చేసిన ఒక ఆర్డరు తాలూకు చివరి తెర ఫోటో పంపండి. దానితో పాటు కూపన్ షరతులు పూర్తిగా, ఏ నంబరుకు "మొదటి"దో, రద్దయితే కూపన్ ఏమవుతుందో రాసి పంపండి. నొక్కి చూసిన లింకులు పంపండి, ఒకటి ఆండ్రాయిడ్‌లో, ఒకటి ఐఫోన్‌లో. అవి వస్తే ఆ సాయంత్రానికల్లా కాప్షన్ మీ చేతిలో ఉంటుంది. రాకపోతే నేను రాయను, వేరే ఎవరైనా రాస్తారనుకోండి.

కూపన్‌కు తన ఊరి పేరు పెట్టానని పిన్నికి చెప్పాను. "నాకు పనిచేస్తుందా?" అని అడిగింది. ఆ నంబరుతో ఒకసారి కొనేసింది కదా, పనిచేయదని చెప్పాను.

ఇట్లు,
మీకు కాప్షన్లు రాసే ఒక మనిషి,
విజయవాడ